ఏడిపించే పిల్లవాడికీ ఒక ప్రణాళిక కావాలి

స్కూల్లో ఎవరో మన పిల్లని ఏడిపిస్తున్నారని తెలిస్తే మనకి కళ్ళెర్రబడతాయి. ఏడిపిస్తున్నది మన పిల్లాడేనని తెలిస్తే మాత్రం నోట మాట రాదు. ఆ తర్వాత ఇంట్లో రెండు దెబ్బలు, స్కూల్లో మూడు రోజుల సస్పెన్షన్, అందరి ముందూ ఒక 'సారీ'. దాంతో పని అయిపోయిందనుకుంటాం. నా అభిప్రాయంలో పని అక్కడ మొదలు కూడా కాలేదు. శిక్ష 'ఇది చేయకు' అని చెబుతుంది. 'దీని బదులు ఏం చేయాలి' అన్నది చెప్పదు. ఆ రెండోది తెలియని పిల్లాడు నేర్చుకునేది ఒక్కటే, ఈసారి దొరక్కుండా చేయడం.

ముందు ఏది ఏడిపించడమో తేల్చుకుందాం. ఇద్దరు సమానమైన పిల్లలు బంతి కోసం కొట్టుకుంటే అది పోట్లాట, సాయంత్రానికి మళ్ళీ కలిసిపోతారు. ఈ విషయం మీద 1970లలోనే పరిశోధన మొదలుపెట్టిన డాన్ ఓల్వేయస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మూడు గుర్తులు చెప్పారు. కావాలని బాధపెట్టడం, అదే పని మళ్ళీ మళ్ళీ చేయడం, అవతలివాడు ఎదురు తిరగలేని స్థితిలో ఉండడం. ఆ మూడో గుర్తుని మనం తరచూ మరచిపోతాం.

మాకు తెలిసిన ఒకింటి సంగతి చెబుతాను. ఆరో తరగతి అబ్బాయి. స్కూల్ బస్సులో నాలుగో తరగతి పిల్లాడిని 'బొండాం' అని పిలవడం, లంచ్ బ్యాగు లాక్కుని వెనక సీటుకి విసరడం. డైరీలో రిమార్కులు రాశారు, సస్పెండ్ చేశారు. తిరిగొచ్చిన వారంలోనే మళ్ళీ బ్యాగు గాల్లోకి లేచింది. అప్పుడు క్లాస్ టీచరూ వాళ్ళమ్మా కలిసి, తిట్టడం కాస్త ఆపి ఒక నోట్‌బుక్ పెట్టారు. పది స్కూలు రోజులు ప్రతి సంఘటనకీ మూడే గడులు నింపారు. దానికి ముందు ఏం జరిగింది, వాడు ఏం చేశాడు, వెంటనే వాడికి ఏం దక్కింది.

తొమ్మిది సంఘటనలు వచ్చాయి. అందులో ఏడు సాయంత్రం బస్సులోనే, వెనక సీట్లోనే. ఆ ఏడింటిలో ఐదు ఇంగ్లీష్ పాఠం పైకి చదివించే రోజుల్లో. వాడికి చదవడం సరిగ్గా రాదు, తడబడితే క్లాసంతా నవ్వుతుంది. ఇక మూడో గడిలో ప్రతిసారీ ఒకటే మాట, 'ఎనిమిదో తరగతి అబ్బాయిలు ఇద్దరు నవ్వారు'. మధ్యాహ్నం పోయిన పరువుని సాయంత్రం తనకన్నా చిన్నవాడి మీద సంపాదించుకుంటున్నాడన్నమాట. వాడికి కావలసింది బ్యాగు కాదు, ఆ నవ్వు.

అలాగని ఏడిపించే ప్రతి పిల్లాడి లోపలా ఏదో బాధ ఉంటుందని అనుకోకూడదు. కొందరు బాగా చదువుతారు, క్లాసులో అందరికీ ఇష్టులు, ఆ పెత్తనం నిలుపుకోవడానికే ఏడిపిస్తారు. కొందరు పెన్నులూ డబ్బులూ కోసం. కొందరికి ఇంట్లో చూసేదే అది. అందుకే నోట్‌బుక్ కావాలి. కారణం ఊహించుకుని మందు వేస్తే పనిచేయదు.

ఆ ఇంటివాళ్ళ ప్రణాళిక ఒక్క కాగితం మీద పట్టింది. మొదటి వాక్యం చిన్నపిల్లాడి గురించి. వాడి సీటు ముందుకి, ఆయమ్మ సీటు వెనక్కి. చిన్నవాణ్ణి కదిలించినది అడిగి, వాడికిష్టమైన స్నేహితుడి పక్కకే, శిక్షలా అనిపించకుండా. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేయలేదు. రాజీ సమానుల మధ్య పోట్లాటకి పనికొస్తుంది. ఇక్కడ మాత్రం చిన్నవాడు భయంతో తల ఊపి, బయటికొచ్చాక ఇంకాస్త ఎక్కువ పడతాడు.

తర్వాత కారణానికి మందు. పైకి చదవాల్సిన పేరా టీచర్ ముందురోజే చెబుతారు, ఇంట్లో అమ్మ పదిహేను నిమిషాలు చదివిస్తుంది. బస్సులో వాడికి పెద్దల మెప్పు దొరికే పని ఒకటి ఇచ్చారు. స్టాపు వచ్చేముందు దాని పేరు గట్టిగా చెప్పడం, దిగినవాళ్ళకి లిస్టులో టిక్కు పెట్టడం. చిన్నపిల్లల మీద అజమాయిషీ చేసే పని మాత్రం ఇవ్వలేదు. లీడర్ని చేస్తే మారతాడని ఆ తప్పు చాలా స్కూళ్ళు చేస్తాయి. ఆ ఎనిమిదో తరగతి అబ్బాయిలతోనూ విడిగా మాట్లాడారు. నవ్వేవాళ్ళు లేకపోతే ఆట సగం చప్పబడుతుంది.

మూడోది రోజువారీ కార్డు. రెండే వాక్యాలు: 'అందరినీ అసలు పేరుతో పిలిచాను', 'ఎవరి వస్తువూ ముట్టలేదు'. పొద్దున్న బస్సు, లంచ్, సాయంత్రం బస్సు, మూడు వేళలా ఒక్కోదానికి రెండేసి మార్కులు, మొత్తం 12. లక్ష్యం మొదటి వారం 8 మాత్రమే, తర్వాత 10. మొదట్లోనే 12 అడిగితే రెండో రోజే వదిలేస్తాడు. లక్ష్యం చేరిన రోజు నాన్నతో ఇరవై నిమిషాలు క్రికెట్. పైసా ఖర్చు లేదు, వాడికి అన్నిటికన్నా ఇష్టం అదే.

మరి తప్పు చేస్తే? తప్పకుండా ఫలితం ఉంది. అదే రోజు, ముందే చెప్పినంతే, చేసిన పనికి సంబంధించినదే. చిరిగిన బ్యాగు జిప్పుని తన పాకెట్ మనీతో బాగు చేయించి ఇచ్చాడు. తిట్లూ దెబ్బలూ లేవు. 2009 విద్యాహక్కు చట్టం స్కూల్లో కొట్టడాన్నీ, మనసు నొప్పించే శిక్షల్నీ నిషేధించింది కూడా. చట్టం మాట అటుంచినా, బలమున్నవాడు బలహీనుణ్ణి కొట్టవచ్చన్న పాఠాన్నే మనం ఇంట్లో మళ్ళీ చెప్పినట్టవుతుంది కదా!

మొదటి వారం సంఘటనలు తగ్గలేదు, ఐదు జరిగాయి. అలవాటైన నవ్వు దొరక్కపోతే పిల్లలు కొన్నాళ్ళు మరింత గట్టిగా ప్రయత్నిస్తారు. చాలామంది అక్కడే 'ఇదేం పనిచేయదు' అని కాగితం చింపేస్తారు. వీళ్ళు ఆగారు. రెండో వారం రెండు. మూడో వారం కార్డు నిండా మార్కులే! అయినా టీచర్ కార్డుని నమ్మి ఊరుకోలేదు. చిన్నపిల్లాడిని ఒంటరిగా అడిగితే, ఇంటర్వెల్‌లో నీళ్ళ కుళాయి దగ్గర 'బొండాం' ఇంకా వినిపిస్తోందని చెప్పాడు. బస్సులో ఆగినది చోటు మార్చిందంతే. కార్డులో ఇంటర్వెల్‌కీ గడి చేరింది, అక్కడ ఒక టీచర్ నిలబడ్డారు. మార్పు వచ్చిందా లేదా చెప్పాల్సింది కార్డు కాదు, బాధపడ్డవాడు. వాడు సరేనన్నాకే గడులు ఒక్కొక్కటిగా తీసేయాలి, ఒక్కసారిగా కాదు.

ఈ కాగితానికీ హద్దులున్నాయి. గాయాలయ్యేంత కొట్టడం, శరీరాన్ని తాకి వేధించడం, ఫొటోలు తీసి పంచడం లాంటివి కార్డుతో సరిచేసేవి కావు. వెంటనే ప్రిన్సిపాల్‌కి చెప్పాలి, అవసరమైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి. ఇంట్లోనే హింస ఉంటే ముందు అది ఆగాలి, పిల్లాడిని కౌన్సిలర్‌కి చూపించాలి.

'ఏడిపించినవాడికి ఇంత సేవ ఎందుకు?' అని ఏడ్చిన పిల్లాడి తల్లి అడగవచ్చు. ఆమె కోపం న్యాయమే. కానీ ఆమె బిడ్డ రేపు కూడా అదే బస్సెక్కాలి. సస్పెన్షన్ మూడు రోజులు కాపాడుతుంది, నాలుగో రోజు వాడు తిరిగొస్తాడు. ఈ సేవంతా ఆ నాలుగో రోజు కోసమే. అందుకే స్కూల్ నుంచి ఫోన్ వస్తే, మన పిల్ల ఏ వైపున ఉన్నా, 'ఏం శిక్ష వేశారు?' అని ఒక్కటే అడిగి పెట్టేయకండి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ముందు జరిగింది, సోమవారం నుంచి ఏం మారబోతోంది, మళ్ళీ ఎప్పుడు కూర్చుని చూద్దాం అని అడగండి. జవాబులు కాగితం మీద రాయించుకోండి.