తప్పు పిల్లలదా, కీదా?

ఇంగ్లండ్‌లో మా ఊరి కమ్యూనిటీ హాల్లో శనివారాలు పదో తరగతి వయసు పిల్లలకు లెక్కలు చెప్పే తల్లిదండ్రుల్లో నేనూ ఒకణ్ని. జీసీఎస్‌ఈ పరీక్షలకు ముందు మార్కెట్లో దొరికే ఒక ప్రాక్టీస్ పుస్తకం నుంచి పేపర్ పెట్టి, దాని వెనక అచ్చేసిన మార్కింగ్ స్కీమ్ చూసి దిద్దుతాం. దిద్దేవాళ్లం ముగ్గురం. అందరం ఉద్యోగాలు చేసుకునేవాళ్లమే, టీచర్లం కాదు. అందుకే కీ మీద మాకు భక్తి కాస్త ఎక్కువ.

మొన్న చలికాలంలో ఒక పేపర్ దిద్దుతుంటే ఈ ప్రశ్న వచ్చింది. సంచిలో 10 మిఠాయి బిళ్లలున్నాయి. 4 నారింజ రుచివి, 6 నిమ్మ రుచివి. ఒక అమ్మాయి చూడకుండా ఒకటి తీసి తినేసింది, తర్వాత ఇంకొకటి తీసి తింది. రెండూ ఒకే రుచివి అయ్యే సంభావ్యత ఎంత? 3 మార్కులు. కీలో జవాబు 13/25.

మొదటి పేపర్లో 7/15 అని ఉంది. తప్పు అని ఇంటూ పెట్టాను. రెండో పేపర్లో 13/25 ఉంది, టిక్కు పెట్టాను. మూడో దాంట్లో మళ్లీ 7/15. నాలుగు, ఆరు, ఏడు పేపర్లలోనూ అదే. ఏడో పేపర్ దగ్గర ఎర్ర పెన్ను కింద పెట్టేశాను. ఒకే తప్పు ఇంతమంది ఎలా చేస్తారు?

ఇక్కడ తొందరపడి ‘ఇంతమంది రాశారు కాబట్టి పిల్లలే రైటు’ అనుకోవడం కూడా పొరపాటే. ఎందుకో చెప్పడానికి అదే పేపర్లోని ఇంకో ప్రశ్న చూడండి. ఒకాయన కారులో వెళ్లేటప్పుడు గంటకు 60 మైళ్లు, అదే దారిలో తిరిగొచ్చేటప్పుడు 40 మైళ్లు వేగంతో నడిపాడు. మొత్తం ప్రయాణం సగటు వేగం ఎంత? పదహారు మందిలో తొమ్మిది మంది 50 అని రాశారు. కీలో 48. ఇక్కడ కీయే రైటు. దూరం 120 మైళ్లు అనుకుంటే వెళ్లడానికి 2 గంటలు, రావడానికి 3 గంటలు. మొత్తం 240 మైళ్లకు 5 గంటలు, అంటే గంటకు 48 మైళ్లు.

అంటే ఆ పేపర్లో రెండు ప్రశ్నలకు సగానికి సగం మంది పిల్లలు కీతో విభేదించారు. ఒకచోట పిల్లలది తప్పు, ఇంకోచోట కీది. లెక్కపెట్టి చూస్తే తేడా తెలియదు. ఆ జవాబుకు వాళ్లు ఏ దారిలో వచ్చారో చూస్తేనే తెలుస్తుంది.

50 రాసిన తొమ్మిది మందిదీ ఒకే దారి. 60, 40 కలిపి రెండుతో భాగించారు. ఒకే గోతిలో వరసగా పడ్డారు. తొమ్మిది పేపర్లున్నా అది ఒక్క సాక్ష్యమే.

7/15 రాసిన ఎనిమిది మంది సంగతి అలా కాదు. నలుగురు నేరుగా వెళ్లారు. మొదటిది నారింజ కావడం 4/10, అది తినేశాక మిగిలిన తొమ్మిదిలో నారింజ 3/9. నిమ్మకు అలాగే 6/10, 5/9. గుణించి కలిపితే 12/90, 30/90, మొత్తం 42/90. అంటే 7/15. ఇద్దరు తిరగేసి ఆలోచించారు. వేర్వేరు రుచులు వచ్చే అవకాశం 48/90 అని కట్టి, ఒకటిలోంచి తీసేశారు. మిగతా ఇద్దరు భిన్నాల గుణకారమే లేకుండా జతలు లెక్కపెట్టారు. పది బిళ్లల్లో రెండేసి జతలు 45. నారింజ జతలు 6, నిమ్మ జతలు 15, కలిపి 21. 21/45 అన్నా 7/15 అన్నా ఒకటే.

మూడు వేర్వేరు దారుల్లో వచ్చినవాళ్లు ఒకే ఇంటి ముందు ఆగారు. తప్పులు ఇలా కలవవు. ఒకరి కూడిక తప్పు, ఇంకొకరి ఆలోచన తప్పు ఒకే భిన్నంగా తేలడం చాలా అరుదు. కీని అనుమానించాల్సింది ఇలాంటప్పుడే.

రెండో ఆనవాలు, కీతో ఏకీభవించింది ఎవరు అన్నది. 13/25 రాసిన ఐదుగురూ పేపర్ మొత్తం మీద కింది వరసలో ఉన్నారు. 7/15 రాసిన ఎనిమిది మందిలో ఆరుగురు మిగతా ప్రశ్నల్లో పైవరస. బాగా చేసేవాళ్లు పోగొట్టుకుని, తడబడేవాళ్లు తెచ్చుకునే ప్రశ్న ఏదైనా కనిపిస్తే, పెద్ద పరీక్షలు పెట్టే సంస్థలు కూడా ముందు ఆ ప్రశ్న కీని తిరిగి చూస్తాయి. దీనికి కంప్యూటర్ అక్కర్లేదు. పేపర్లను మొత్తం మార్కుల వరసలో పేర్చి, ఆ ఒక్క ప్రశ్న తిప్పి చూస్తే చాలు.

మూడోది, కీ ఎలా తప్పిందో మనమే కట్టి చూడటం. 13/25 ఎక్కడి నుంచి వచ్చింది? స్కీమ్‌లో పద్ధతికి ఇచ్చే మార్కుల దగ్గర 4/10 × 4/10, 6/10 × 6/10 అని అచ్చయి ఉంది. అంటే తీసిన బిళ్లను తిరిగి సంచిలో వేసినట్టు లెక్క. తినేసిన బిళ్ల తిరిగి ఎలా వస్తుంది? ఇంకా అనుమానముంటే ప్రశ్నను చిన్నది చేసి చూడండి. సంచిలో ఒక నారింజ, ఒక నిమ్మ మాత్రమే ఉన్నాయనుకోండి. రెండూ తినేస్తే రెండూ ఒకే రుచి అయ్యే అవకాశం సున్నా. అది చిన్నపిల్లలైనా చెబుతారు. కీ పద్ధతిలో కడితే సగం వస్తుంది. ఇక వాదన అక్కర్లేదు.

కారణం తర్వాత తెలిసింది. మాతో పాటు చెప్పే ఒకావిడ దగ్గర ఆ పుస్తకం పాత ముద్రణ ఉంది. అందులో అదే ప్రశ్న రంగు బిళ్లలతో ఉంది, తీసింది తిరిగి వేస్తారు. దానికి 13/25 సరైనదే. కొత్త ముద్రణలో రంగు బిళ్లలు మిఠాయిలయ్యాయి, వెనకున్న కీ మాత్రం పాతదే మిగిలింది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకు ఇది రోజూ చూసే జబ్బే. కోడ్ మారుతుంది, దాన్ని పరీక్షించే టెస్టు మారదు. టెస్టు ఎర్రగా చూపిస్తే ఆఫీసులో ‘టెస్టే తప్పేమో’ అని చూస్తాం. ఇంట్లో పిల్లల పుస్తకం దగ్గర మాత్రం ఆ ప్రశ్న వేయం.

నష్టం 3 మార్కులే కదా అనొచ్చు. జతలు లెక్కపెట్టిన ఇద్దరిలో ఒకమ్మాయి పేపర్ ఆ రోజు ముందే దిద్ది ఇచ్చేశారు. తర్వాతి వారం వచ్చి, ‘‘అంకుల్, నా తప్పు దొరికింది, సరిచేసుకున్నాను’’ అంది. చూస్తే 21/45 కొట్టేసి, పక్కన 13/25 వచ్చేలా బిళ్లను సంచిలో తిరిగి వేసి లెక్క చేసింది. వాళ్ల నాన్నగారు పక్కన కూర్చుని చేయించారట. ‘‘అచ్చయిన పుస్తకం తప్పవుతుందా అండీ?’’ అన్నారాయన నాతో. సరైన లెక్కను తుడిపించి, తప్పును నేర్పించాం. ఇంటూ పెట్టింది మాలో ఒకరం, దిద్దించింది ఇంట్లోవాళ్లు. అందరిదీ మంచి ఉద్దేశమే.

రాత పరీక్ష కాబట్టి మాకు దారులైనా కనిపించాయి. ఆప్షన్ల పరీక్షలో అదీ ఉండదు. 1982లో అమెరికాలో శాట్ పరీక్షలో ఒక ప్రశ్న ఇచ్చారు. ఒక వృత్తం వ్యాసార్ధం ఇంకో వృత్తం వ్యాసార్ధంలో మూడో వంతు. చిన్నది పెద్దదాని చుట్టూ దొర్లుతూ మొదలైన చోటికి వస్తే ఎన్నిసార్లు తిరుగుతుంది? కీ 3 అంది. అసలు జవాబు 4. చుట్టుకొలతను బట్టి మూడు చుట్లు, పెద్దదాన్ని చుట్టి వచ్చినందుకు ఇంకొకటి. నమ్మకం కుదరకపోతే ఒకే రకం నాణేలు రెండు తీసుకుని ఒకదాని చుట్టూ ఇంకోదాన్ని దొర్లించండి. ఒక్కసారి కాదు, రెండుసార్లు తిరుగుతుంది. ఆ పేపర్లో 4 అనే ఆప్షనే లేదు. సుమారు 3 లక్షల మంది రాసిన పరీక్షలో ముగ్గురు విద్యార్థులు ఉత్తరం రాస్తే తప్పు బయటపడింది. ఆ ప్రశ్నను తీసేసి మార్కులు మళ్లీ కట్టారు.

మన దగ్గర ఈఏపీసెట్, జేఈఈ లాంటి పరీక్షలకు ముందు ప్రాథమిక కీ విడుదల చేసి అభ్యంతరాలు తీసుకుంటారు. కీ కూడా తప్పవచ్చని ఒప్పుకున్న ఏర్పాటు అది. ఇంట్లో, వారాంతపు క్లాసుల్లో వాడే ప్రాక్టీస్ పుస్తకాలకే ఆ దారి లేదు. అక్కడ మనమే ఆ పని చేయాలి.

మేమిప్పుడు పద్ధతి మార్చుకున్నాం. కీ తెరవక ముందు దిద్దేవాళ్లలో ఒకరు పేపర్ మొత్తం స్వయంగా చేస్తారు. ఒక ప్రశ్నకు ముగ్గురు ఒకే ‘తప్పు’ జవాబు రాస్తే అక్కడ ఆగి వాళ్ల స్టెప్పులు చదువుతాం. కీ తప్పని తేలితే ఒక్క పేపర్లో కాదు, అన్ని పేపర్లలోనూ మళ్లీ దిద్దుతాం. స్కీమ్‌లోని పద్ధతి మార్కుల వరసలూ మారతాయి కాబట్టి మూడు మార్కులూ తిరిగి వేస్తాం. 13/25 రాసిన ఐదుగురికి మార్కులు తీసేశాం. వాళ్లకు అది చేదే. కానీ తినేసిన బిళ్ల సంచిలో ఉండదన్న సంగతి మేం దిద్దకపోతే అసలు పరీక్షలో తెలుస్తుంది.

ఇంట్లో పిల్లల పేపర్ దిద్దే తల్లిదండ్రులకు పదహారు పేపర్లు ఉండవు, ఒక్కటే ఉంటుంది. అప్పుడు సాక్ష్యాన్ని మీరే తెచ్చుకోవచ్చు. కీతో జవాబు కలవకపోతే ‘ఎక్కడ తప్పు చేశావు’ అనకుండా ‘ఇంకో దారిలో చేసి చూడు’ అనండి. రెండో దారిలోనూ అదే జవాబు వస్తే పెన్ను పుస్తకం వైపు తిప్పండి. సగటు వేగం లెక్కలో 50 రాసిన పిల్లవాడు 120 మైళ్లు పెట్టి కట్టి చూస్తే 48 వస్తుంది, తన తప్పు తనే పట్టుకుంటాడు. మిఠాయి లెక్కలో మళ్లీ 7/15 వస్తుంది, పుస్తకం తప్పు పట్టుకుంటాడు.

ఆ అమ్మాయి కొట్టేసిన 21/45 పక్కన మూడు మార్కులు వేసి, కింద నా సంతకం పెట్టాను. పుస్తకంలో 13/25 మీద గీత గీసింది మాత్రం వాళ్ల నాన్నగారే.