కాళ్ళకు పట్టింది నీరు కాదు

"కాళ్ళకు నీరు పట్టింది డాక్టరుగారూ. నీటి మాత్ర వేసుకుంటున్నా దిగడం లేదు." కొంతకాలం క్రితం మా వీధిలో ఉండే ఒక పెద్దావిడ నాతో అన్న మాట ఇది. ఆమెకు 62 ఏళ్ళు. చేతిలోని సంచిలో నాలుగైదు మాత్రల అట్టలు. "ఇందులో బీపీ మాత్ర ఏదమ్మా?" అని అడిగితే, "అన్నీ బీపీవేనండీ" అన్నది.

ఆ సమాధానం మీదనే నా అభ్యంతరమంతా. 'బీపీ మాత్ర' అనే మందు ఏదీ లేదు. రక్తపోటును తగ్గించే మందులలో ప్రధానమైన తరగతులు అయిదున్నాయి. అవి పట్టుకునే చోట్లు వేరు, తెచ్చే చిక్కులు వేరు. వాటిని ఒకే గాటన కట్టడం రోగులకే కాదు, మా వైద్యులలో కొందరికీ అలవాటయింది. దాని ఫలితం ఎలా ఉంటుందో ఆవిడ కథే చెబుతుంది.

ఆమె నాలుగేళ్ళుగా ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు వేసుకుంటున్నది. ఒకసారి రక్తపోటు 158/94 ఉండడంతో మోతాదును 10 మిల్లీగ్రాములు చేశారు. నెల తిరిగేసరికి రెండు పాదాలూ, చీలమండలూ వాచాయి. మరొక చోట చూపించుకుంటే ఫ్యూరోసెమైడ్ 40 మిల్లీగ్రాముల మాత్ర రోజూ వేసుకోమన్నారు. రెండు నెలలు గడిచినా వాపు అలాగే ఉంది. కొత్తగా పిక్కలు పట్టేయడం, లేచి నిలబడితే కళ్ళు తిరగడం మొదలయ్యాయి. కూర్చున్నప్పుడు 146/88 ఉన్న రక్తపోటు నిలబడగానే 122/76కు పడిపోతున్నది. రక్తంలో పొటాషియం 3.1కి దిగింది, అది కనీసం 3.5 ఉండాలి. గుండె, మూత్రపిండాలు, కాలేయం సవ్యంగానే ఉన్నాయి. మూత్రంలో ఆల్బుమిన్ లేదు.

మరి ఆ వాపు ఎక్కడిది? ఆమ్లోడిపిన్ కాల్షియం మార్గాలను అడ్డుకునే తరగతికి చెందినది. సన్నని ధమనుల గోడలలో ఉండే కండర కణాలలోకి కాల్షియం వెళితేనే అవి బిగుసుకుంటాయి. ఈ మందు ఆ దారిని మూయగా కండరం సడలి, ధమని వెడల్పవుతుంది, రక్తపోటు తగ్గుతుంది. అయితే ఇది ధమనుల వైపు సడలించినంతగా సిరల వైపు సడలించదు. పంట కాలువకు ఎగువ తూము బారుగా తెరిచి, దిగువ తూమును ఉన్నట్టే ఉంచితే ఏమవుతుంది? నడుమ నీరు పెరిగి గట్ల పక్కకు ఊరుతుంది. ఇక్కడా అంతే. ధమనికీ సిరకూ నడుమ ఉండే కేశనాళికలలో ఒత్తిడి పెరిగి, ద్రవం చుట్టూ ఉన్న కణజాలంలోకి ఊరుతుంది. ఆ వాపు సాయంత్రానికి ఎక్కువై, రాత్రి పడుకుంటే తెల్లవారేసరికి కొంత తగ్గుతుంది. మోతాదు పెరిగితే వాపూ పెరుగుతుంది.

కాబట్టి ఆమె ఒంట్లో నీరు ఎక్కువ కాలేదు, ఉన్న నీరే చోటు మారింది. 'నీరు పట్టింది' అన్న మన వాడుక మాటను నమ్మి మూత్రం ఎక్కువగా పోయించే మాత్ర ఇస్తే, పాదాలలోని నీరు కదలదు. రక్తనాళాలలో ఉండవలసిన నీరూ, దానితోపాటు పొటాషియమూ బయటికి పోతాయి. ఒక మందు తెచ్చిన చిక్కును కొత్త జబ్బుగా పొరబడి, దానికి మరొక మందు రాయడమంటే ఇదే.

ముందుగా ఫ్యూరోసెమైడ్ ఆపించి, ఆమ్లోడిపిన్‌ను మళ్ళీ 5 మిల్లీగ్రాములకు దించాను. వారం తరువాత పొటాషియం 4.0కు వచ్చింది. అప్పుడు టెల్మిసార్టాన్ 40 మిల్లీగ్రాములు జతచేశాను. ఇది వేరొక తరగతి. మూత్రపిండాల నుండి వెలువడే రెనిన్ అనే పదార్థం వల్ల చివరకు యాంజియోటెన్సిన్ తయారవుతుంది. అది రక్తనాళాలను బిగిస్తుంది, ఉప్పును ఒంట్లో నిలుపుతుంది. పేరు చివర 'సార్టాన్' ఉన్న మందులు యాంజియోటెన్సిన్ పనిచేసే చోటునే మూసివేస్తాయి. 'ప్రిల్' అని ముగిసేవి అది తయారు కాకుండానే ఆపుతాయి. వాటితో కొందరికి పొడిదగ్గు వస్తుంది. ఈ మందులు సిరల వైపునూ సడలిస్తాయి, అంటే దిగువ తూమునూ తెరుస్తాయి. అందువల్ల రక్తపోటుతోపాటు ఆమ్లోడిపిన్ వాపూ తగ్గుతుంది. రెండు వారాలకు క్రియాటినిన్, పొటాషియం మళ్ళీ చూశాను, సరిగా ఉన్నాయి. ఆరు వారాలకు రక్తపోటు 132/80. పాదాలు మామూలయ్యాయి.

"ఒక మాత్రతో పోయేదానికి రెండెందుకు? జబ్బు ముదిరిందా?" అని మీరు అడగవచ్చు. జబ్బు ముదరలేదు. ఒకే మందును రెట్టింపు చేస్తే రక్తపోటు తగ్గే మేలు రెట్టింపు కాదు. సగం మోతాదుతోనే ఆ మేలులో ఎక్కువ భాగం వచ్చేస్తుంది. పెరిగేవి ఎక్కువగా చిక్కులే. పైగా ఒక దారి మూస్తే శరీరం మరొక దారిని వెతుక్కుంటుంది. హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ వంటివి మూత్రపిండాల చేత ఉప్పును బయటికి పంపిస్తాయి. ఉప్పు తగ్గగానే శరీరం రెనిన్‌ను పెంచి నాళాలను బిగించ చూస్తుంది. అక్కడ సార్టాన్ అడ్డుపడితే రెండు మందులూ ఒకదానికొకటి తోడవుతాయి. అలాగని ఏ రెండైనా కలపరాదు. ప్రిల్‌నూ సార్టాన్‌నూ కలిపితే ప్రయోజనం కన్నా మూత్రపిండాలకు ముప్పే ఎక్కువ.

ఇక మిగిలింది అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి 'ఒలాల్' వర్గం. ఇవి గుండె వేగాన్నీ, అది కొట్టే బలాన్నీ తగ్గిస్తాయి. గుండెనొప్పి చరిత్ర ఉన్నవారికి మేలు చేస్తాయి, ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం తేగలవు. హఠాత్తుగా మానితే గుండె ఎదురు తిరుగుతుంది. పక్కింటివారి మాత్ర మీకు ఎందుకు పనికిరాదో ఇప్పుడు తెలిసిందా? గర్భిణి అయితే ప్రిల్, సార్టాన్‌లు కడుపులోని బిడ్డకే ప్రమాదం.

నేను చేతులు కడుక్కోదలచుకోలేదు. సర్కారీ కొలువులో ఉన్నప్పుడు, బారులు తీరిన రోగుల మధ్య, ఆ నెల స్టాకులో ఏది ఉంటే అది 'బీపీ మాత్ర' అని చెప్పి చేతిలో పెట్టినవాడినే. పేరు చెప్పడానికి క్షణం పట్టదు. అయినా చెప్పలేదు. ఆ పెద్దావిడ నోట విన్న మాట మేము నేర్పిన మాటే.

అందుకే మీకు చెబుతున్నాను. అట్ట మీద కంపెనీ పెట్టిన పేరు కింద అసలు మందు పేరు ఉంటుంది, దాని చివరి అక్షరాలు చదవండి. మోతాదు పెంచినప్పుడు, "పెంచడమా, వేరే తరగతిది కలపడమా?" అని వైద్యుణ్ణి అడగండి. ఆమ్లోడిపిన్ మొదలుపెట్టాక లేదా పెంచాక రెండు కాళ్ళూ వాస్తే, మీ అంతట మీరు మానకుండా, ఆ సంగతి మొదట చెప్పండి. వాపుతో ఆయాసం ఉన్నా, ముఖం ఉబ్బినా, ఒక్క కాలే వాచి నొప్పి పెట్టినా అది మాత్ర పని అనుకోవద్దు. ఆ రోజే చూపించుకోండి. నీటి మాత్ర రాయబోయే మా వైద్యులకూ ఒక్క మాట. ఆ వాపుకు మందు వెతికే ముందు, అంతకుముందు మనం రాసిన చీటీని ఒకసారి చదవండి.