పేరయ్య పక్కకు తప్పుకోవాల్సిందే

నెట్‌వర్క్స్ పరీక్షలో సిప్ కాల్ సెటప్‌ని బొమ్మతో వివరించమంటే మనలో చాలామందికి పండగే. మూడు నిలువు గీతలు గీస్తాం. ఎడమన కాల్ చేసేవాడు, మధ్యలో ప్రాక్సీ సర్వర్, కుడివైపు కాల్ అందుకునేవాడు. వాటి మధ్య INVITE, 180 Ringing, 200 OK, ACK అని బాణాలు వేస్తాం. అన్నిటికన్నా కింద, మధ్య గీతను దాటేసి, ఈ చివర నుంచి ఆ చివరకు లావుగా ఇంకో బాణం గీసి, దాని మీద ఆర్‌టీపీ అని రాసి పేజీ తిప్పేస్తాం. మార్కులు పడిపోతాయి.

నా గొడవంతా ఆ లావుపాటి బాణం గురించే. అప్పటిదాకా ప్రతి కబురూ సర్వర్ గుండానే నడిచింది కదా, తీరా మనిషి గొంతు దగ్గరికొచ్చేసరికి సర్వర్‌ని ఎందుకు పక్కన పెట్టేశారు? ఈ ప్రశ్న మన ప్రశ్నపత్రాల్లో రాదు. నా దృష్టిలో సిప్‌లో అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. పైనున్న బాణాలన్నీ ఆ కింది బాణం కోసం చేసిన ఏర్పాట్లే.

ఒక కాల్‌ని మొదటి నుంచీ చూద్దాం. హాస్టల్ గదిలో ఒక ఫోను ఉంది, దాని అడ్రస్ 10.20.1.5. లైబ్రరీలో ఇంకో ఫోను ఉంది, దాని అడ్రస్ 10.20.1.9. రెండూ ముందే ప్రాక్సీ దగ్గర REGISTER చేసుకుని, తాము ఎక్కడున్నామో చెప్పి పెట్టాయి. హాస్టల్ ఫోనుకి లైబ్రరీ ఫోను అడ్రస్ తెలియదు, దాని పేరు మాత్రమే తెలుసు. అందుకే INVITE ని ప్రాక్సీకి పంపుతుంది. ప్రాక్సీ వెంటనే 100 Trying అని బదులిస్తుంది. "కబురు అందింది, మళ్లీ మళ్లీ పంపకు" అని దానర్థం. తర్వాత తన దగ్గరున్న రిజిస్టర్‌లో వెతికి, INVITE ని లైబ్రరీ ఫోనుకి చేరవేస్తుంది. అక్కడ గంట మోగుతుంది, 180 Ringing వెనక్కి వస్తుంది. ఎవరో ఫోను ఎత్తుతారు, 200 OK వస్తుంది. హాస్టల్ ఫోను ACK పంపుతుంది. కాల్ కుదిరింది.

ఇంతవరకూ అందరికీ తెలిసిందే. ఐతే ఆ INVITE అనే కవరు లోపల ఒక చీటీ ఉంటుంది, దాన్ని ఎస్‌డీపీ అంటారు. అందులో మనకి కావాల్సినవి రెండే రెండు లైన్లు:

```
c=IN IP4 10.20.1.5
m=audio 40000 RTP/AVP 8 0
```

"నాకు మాట వినిపించాలంటే 10.20.1.5 అనే అడ్రస్‌లో 40000 అనే పోర్టుకి పంపు. నాకు 8, 0 నంబర్ల కోడెక్‌లు వచ్చు" అని చెప్పడం అది. ఇందులో 8 అంటే ఎ-లా, 0 అంటే మ్యూ-లా. 200 OK లో లైబ్రరీ ఫోను తన చీటీ పెడుతుంది: నా అడ్రస్ 10.20.1.9, నా పోర్టు ఇది, సరే, 8 తోనే మాట్లాడుకుందాం. చీటీలు మారాక ఇద్దరికీ ఒకరి గడప ఒకరికి తెలిసిపోయింది. ఇక మధ్యవర్తితో పనేముంది?

దీన్ని మనోళ్లకి చెప్పేటప్పుడు నేను పెళ్లిళ్ల పేరయ్యని తీసుకొస్తాను. ఎవరింట్లో పిల్ల ఉందో, ఎవరింట్లో పిల్లాడున్నాడో పేరయ్యకి తెలుసు. కబుర్లు మోస్తాడు, సంబంధం కుదురుస్తాడు. పెళ్లయ్యాక కూడా మొగుడూ పెళ్లాల ప్రతి మాటా పేరయ్య ద్వారానే నడవాలంటే ఆ కాపురం ఏమవుతుంది? పేరయ్య ఏమవుతాడు?

పేరయ్య ఏమవుతాడో లెక్కేద్దాం. ఒక ఫోను వైపు నుంచి చూస్తే, కాల్ మొదలై ముగిసేదాకా సిప్ సందేశాలు ఏడు: పైన చెప్పిన ఐదు, పెట్టేసేటప్పుడు BYE, దానికి 200 OK. మాట సంగతి వేరు. జీ.711 కోడెక్‌తో 20 మిల్లీసెకన్ల మాటని ఒక ప్యాకెట్‌లో పెడితే, సెకనుకు 50 ప్యాకెట్లు. రెండు వైపులా కలిపి 100. మూడు నిమిషాల కాల్‌కి 18,000 ప్యాకెట్లు. ఒకేసారి వెయ్యి కాల్స్ నడుస్తుంటే, వాటన్నిటినీ మోసే సర్వర్‌కి సెకనుకు లక్ష ప్యాకెట్లు లోపలికొస్తాయి, లక్ష బయటికెళ్తాయి. మోయకుండా పరిచయం చేసి వదిలేసే సర్వర్‌కి అదే వెయ్యి కాల్స్ చిన్న పని. పైగా ఫోన్లు రెండూ మన కాంపస్‌లోనే ఉండి సర్వర్ ముంబైలో ఉందనుకోండి. సిగ్నలింగ్ ముంబై దాకా వెళ్లొస్తే గంట కాస్త ఆలస్యంగా మోగుతుంది, అంతే. పక్క బిల్డింగ్‌లో ఉన్నవాడితో ఆడే ప్రతి మాటా ముంబై మీదుగా వెళ్లి రావాల్సిన అవసరమేంటి?

భారం ఒక్కటే కాదు, రెండింటి స్వభావాలూ పొసగవు. INVITE పోతే కాలే లేదు, కాబట్టి అది చేరి తీరాలి. యూడీపీ మీద పంపితే, జవాబు రాకపోతే అర సెకను తర్వాత మళ్లీ పంపుతుంది, తర్వాత ఒక సెకను ఆగి, ఆ తర్వాత రెండు సెకన్లు ఆగి... అలా 32 సెకన్ల దాకా పట్టు వదలదు. మాట అలా కాదు. ఒక 20 మిల్లీసెకన్ల ముక్క పోతే చెవి సర్దుకుంటుంది. అదే ముక్క అర సెకను ఆలస్యంగా వస్తే ఎందుకూ పనికిరాదు, ఈలోపు సంభాషణ ముందుకెళ్లిపోయింది. ఒకటి ఆలస్యమైనా చేరాలి, ఇంకొకటి పోయినా ఫర్వాలేదు కానీ ఆలస్యం కాకూడదు.

ఇదేదో ల్యాబ్ సిద్ధాంతం కాదు. మన జేబుల్లో ఉన్న 4జీ ఫోన్లలో వోల్టే కాల్ నడిచేది సిప్‌తోనే. అక్కడ ప్రమాణాల్లోనే సిగ్నలింగ్‌కి ఒక తరగతి, గొంతుకి ఇంకో తరగతి ఉన్నాయి. సిగ్నలింగ్‌కి వాడే క్యూసీఐ 5 లో పోవచ్చని అనుమతించే ప్యాకెట్లు పది లక్షలకి ఒకటి. గొంతుకి వాడే క్యూసీఐ 1 లో నూటికి ఒకటి. రెండింటినీ ఒకే గొట్టంలో పోస్తే ఈ తేడా చూపించడమే కుదరదు.

ఈ పద్ధతి సిప్‌తో పుట్టిందీ కాదు. ఒకప్పుడు అమెరికాలో ఏటీ అండ్ టీ దూరపు లైన్లలో సిగ్నలింగ్ కూడా గొంతు నడిచే తీగలోనే ఈలలుగా నడిచేది. 2600 హెర్ట్జ్ శబ్దం వినిపిస్తే లైను ఖాళీగా ఉందని ఎక్స్ఛేంజ్ అనుకునేది. క్యాప్ న్ క్రంచ్ అనే తిండి డబ్బాలో పిల్లలకిచ్చిన బొమ్మ ఈల సరిగ్గా ఆ శబ్దమే చేస్తుందని కొందరు కనిపెట్టి, ఫోనులో ఈలవేసి ఉచితంగా మాట్లాడుకున్నారు. మాట్లాడేవాడి నోట్లోంచే ఎక్స్ఛేంజ్‌కి ఆజ్ఞలు వెళ్లగలిగితే జరిగేది అదే. ఆ కంపెనీ 1976 నుంచి సిగ్నలింగ్‌ని వేరే దారికి మార్చడం మొదలుపెట్టింది.

నమ్మకం కుదరకపోతే కళ్లారా చూడొచ్చు. నా లాప్‌టాప్‌లో కామైలియో అనే ప్రాక్సీ పెట్టి, రెండు ఫోన్లలో సాఫ్ట్‌ఫోన్ యాప్‌లు వేసి, కాల్ కలిపాను. మాట్లాడుతుండగానే ప్రాక్సీని ఆపేశాను:

```
systemctl stop kamailio
```

సర్వర్ చచ్చిపోయింది. మాట మాత్రం ఆగలేదు. చూస్తున్న రూమ్మేట్ ఇంకోచోట ఏదో సర్వర్ నడుస్తోందనుకుని వెతికాడు కూడా. అసలు తమాషా తర్వాత ఉంది. ఒక ఫోనులో కాల్ పెట్టేశాం. ప్రాక్సీ మొదట్లోనే "ఈ కాల్‌కి సంబంధించిన తర్వాతి కబుర్లు కూడా నా ద్వారానే రావాలి" అని Record-Route లో రాసి పెట్టుకుంది, కాబట్టి BYE దాని దగ్గరికే బయల్దేరింది, ఎవరికీ చేరలేదు. రెండో ఫోను పాపం ఇంకా కాల్ నడుస్తోందనే అనుకుంటూ, నిమిషాలు లెక్కపెడుతూ, వినేవాడు లేని చోటికి ప్యాకెట్లు పంపుతూ కూర్చుంది. వేరు చేయడం వల్ల వచ్చే లాభమూ నష్టమూ ఒకే ప్రయోగంలో కనిపించాయి. ఇలాంటి దిక్కులేని కాల్స్ కోసమే సెషన్ టైమర్ ఉంది: మధ్యమధ్యలో "ఉన్నావా?" అని సిగ్నలింగ్ దారిలో అడిగి, జవాబు రాకపోతే కాల్‌ని తెంచేస్తుంది.

అవతలి వాదనని తేలిగ్గా తీసెయ్యను. ఈ పద్ధతి మీద అసలు ఫిర్యాదు ఒకవైపే వినిపించే కాల్. ఇంటి రౌటర్ వెనకున్న ఫోను అడ్రస్ 192.168.1.7 అనుకోండి. అది ఒక ఆఫీసు ఫోనుకి కాల్ చేస్తుంది, దానికి బయటి ప్రపంచానికి తెలిసిన పబ్లిక్ అడ్రస్ ఉంది. గంట మోగుతుంది, ఎత్తుతారు, కాల్ కలిసిందని రెండు తెరలూ చెబుతాయి. ఆఫీసువాళ్లకి మనం వినిపిస్తాం. మనకి మాత్రం నిశ్శబ్దం. "హలో, హలో" అని మనం అరుస్తూనే ఉంటాం. కారణం ఆ చీటీలోని `c=` లైనే. INVITE కి జవాబులు అది వచ్చిన దారినే పట్టుకుని వెనక్కి వచ్చేశాయి. గొంతు మాత్రం చీటీలో రాసిన 192.168.1.7 ని వెతుక్కుంటూ బయల్దేరింది, ఆ అడ్రస్ ఆ ఇల్లు దాటితే ఎవరికీ తెలియదు.

అందుకే ఐఏఎక్స్2 అనే ప్రోటోకాల్ సిగ్నలింగ్‌నీ మాటనీ కలిపి 4569 అనే ఒకే పోర్టులో పంపుతుంది. ఒకటి వెళ్లగలిగితే రెండోదీ వెళ్తుంది. రౌటర్ బాధ చాలావరకు పోతుంది. చిన్న ఆఫీసుకి అది హాయిగా ఉంటుందని ఒప్పుకుంటాను.

కానీ ఇక్కడ తప్పు వేరు చేయడంలో లేదు, చీటీలో పనికిరాని అడ్రస్ రాయడంలో ఉంది. దానికి మందులున్నాయి. బయటికి నా అడ్రస్ ఏమని కనిపిస్తోందని ఫోను స్టన్ సర్వర్‌ని అడిగి తెలుసుకోవచ్చు. ఐస్ పద్ధతిలో తన అడ్రస్‌లన్నీ చీటీలో రాసి, ఏ దారి పనిచేస్తుందో రెండు వైపులా పరీక్షించుకోవచ్చు. రెండూ కుదరకపోతే గొంతు కోసం ఒక రిలే పెట్టుకోవచ్చు. గమనించండి, ఆ రిలే కూడా ప్రాక్సీ ఉన్నచోటే ఉండాలని లేదు. ప్రాక్సీ ముంబైలో ఉన్నా రిలేని మన కాంపస్‌లో పెట్టుకోవచ్చు, అవసరమైన కాల్స్‌కి మాత్రమే వాడుకోవచ్చు. ఆ వెసులుబాటు ఇచ్చింది కూడా రెండు దారులు వేరుగా ఉండటమే.

కాబట్టి ప్రశ్నపత్రం తయారుచేసే మాస్టార్లకి నా విన్నపం ఒకటి. బాణాల బొమ్మ అడగండి, వద్దనను. దాని కింద ఇంకో రెండు ప్రశ్నలు చేర్చండి: కాల్ మధ్యలో ప్రాక్సీ ఆగిపోతే ఏది ఆగుతుంది, ఏది ఆగదు? గంట మోగి, కాల్ కలిసి, ఒకవైపు మాట వినపడకపోతే ముందు ఏ లైను చూస్తావు? ఈ రెంటికీ జవాబు రాయగలిగినవాడికి బొమ్మ బట్టీ పట్టే పని ఉండదు, వాడే గీసుకుంటాడు.