లిఫాఫాలో పెట్టేది కానుకా, బాకీయా?

షవ్వాల్ మాసం రాగానే గచ్చిబౌలి, కొండాపూర్, మాదాపూర్ ప్రాంతాలలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన యువకులు తరచూ ఒక ప్రశ్న అడుగుతారు. పెళ్ళి లిఫాఫాలో ఎంత పెట్టాలి? సహోద్యోగికి ఎంత, స్నేహితునికి ఎంత, ఊరిలోని బంధువుకు ఎంత? పైకి ఇది చిన్న ప్రశ్నగానే కనిపిస్తుంది. కానీ లిఫాఫాకు డబ్బు లేదని దావతుకే వెళ్ళనివారు మనలో ఉన్నారు, నెలాఖరున చేబదులు తెచ్చి కవరు నింపేవారూ ఉన్నారు. ఆహ్వానాన్ని స్వీకరించడం సాటి ముస్లిం పట్ల మన బాధ్యతలలో ఒకటని మహాప్రవక్త (స) బోధించారు. కవరు ఆ బాధ్యతకు అడ్డు వస్తున్నదంటే దాని సంగతి కొంత నిదానంగా తెలుసుకోవలసిందే.

ఎంత ఇవ్వాలన్న ప్రశ్నకు ముందు మరొక ప్రశ్న ఉంది. మనం ఇస్తున్నది కానుకా, అప్పా? ధర్మశాస్త్రంలో కానుకను హిబా అనీ, అప్పును ఖర్జ్ అనీ అంటారు. ఈ రెండింటి నియమాలు పూర్తిగా వేరు. పాలస్తీనాలోని రమ్లా పట్టణానికి చెందిన హనఫీ ముఫ్తీ ఖైరుద్దీన్ రమ్లీ 1671లో మరణించారు. పెళ్ళిళ్ళలో ఒకరింటికి మరొకరు పంపే వస్తువులను తిరిగి చెల్లించాలా అని ఆయనను అడిగారు. ఆయన ఇచ్చిన సమాధానం ఫతావా ఖైరియ్యాలో ఉంది. బదులు వస్తుందన్న లెక్కతో ఇచ్చే ఆచారమున్న చోట అది అప్పువంటిది, కనుక తీసుకున్నంత తిరిగి ఇవ్వాలి. బదులు చూడకుండా ఇచ్చే ఆచారమున్న చోట అది కానుకే అవుతుంది. ఈ సమాధానాన్ని 1836లో దమస్కులో మరణించిన ఇబ్నె ఆబిదీన్ తమ రద్దుల్ ముహ్తార్ గ్రంథంలో పేర్కొని, తమ ప్రాంతంలో రెండు ఆచారాలూ ఉన్నాయని వ్రాశారు. కొన్ని గ్రామాలలో విందు జరిగినప్పుడల్లా ఊరి ఖతీబును కూర్చోబెట్టి వచ్చినవన్నీ వ్రాయించేవారనీ, ఇచ్చినవారి ఇంట విందు జరిగినప్పుడు ఆ పుస్తకం చూసి అంతే తిరిగి ఇచ్చేవారనీ ఆయన తెలిపారు.

ఇది చదివిన తెలుగువారికి మన ఊళ్ళలోని చదివింపుల పుస్తకం గుర్తుకు రాక మానదు. పందిట్లో బల్ల వేసుకుని ఒకరు కూర్చుంటారు. ఇచ్చినవారి పేరు, ఊరు, మొత్తం పైకి చదివి పుస్తకంలో వ్రాస్తారు. ఆ పుస్తకం ఏళ్ళ తరబడి బీరువాలో ఉంటుంది. మన ముస్లిం కుటుంబాలలోనూ చాలా ఊళ్ళలో ఇదే పద్ధతి ఉంది. ఉత్తరాదిన దీనిని న్యోతా అంటారు. మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ తమ ఇస్లాహుర్రుసూమ్‌లో దీనిని అప్పుగానే పరిగణించి, అవసరం లేకుండా మెడకు చుట్టుకునే రుణమని అభ్యంతరం చెప్పారు.

కాబట్టి పట్టణాన్నిబట్టి మారే మొదటి విషయం మొత్తం కాదు, ఆచారం. ఊరిలో పుస్తకం ఉంటే అక్కడ ఇచ్చిపుచ్చుకునేది బాకీ. ఐ.టి. ప్రాంతపు ఫంక్షన్ హాళ్ళలో సహోద్యోగుల మధ్య పుస్తకం ఉండదు. ఇచ్చినవారు రెండేళ్ళలో ఉద్యోగం మారతారు, ఊరు మారతారు, మళ్ళీ కలుస్తారో లేదో తెలియదు. అక్కడ ఇచ్చేది కానుక. దానికి బదులు రాలేదని మనసు కష్టపెట్టుకోవడానికి ఆధారం లేదు.

ఇక మొత్తాల విషయం. ప్రస్తుతం ఈ ప్రాంతంలో వాడుకలో కనిపిస్తున్నది సుమారుగా ఇలా ఉంది. ముఖపరిచయం ఉన్న సహోద్యోగికి విడిగా అయితే 500 రూపాయలు, అందరూ కలిసి ఇస్తే ఇంకా తక్కువ. రోజూ కలిసి పనిచేసేవారికి, లేదా భార్యాపిల్లలతో వెళ్ళినప్పుడు 1000. సన్నిహిత మిత్రునికి 2000 నుంచి 5000 వరకు. తోబుట్టువుల పిల్లలకు, దగ్గరి బంధువులకు అంతకు పైన, శక్తిని బట్టి. జిల్లాలలోని ఊళ్ళకు వెళితే 200, 500 కూడా గౌరవప్రదమైన కానుకలే. ఇవి షరీఅత్ నిర్ణయించిన అంకెలు కావు, చూస్తున్న వాడుక మాత్రమే. రెండేళ్ళకు ఇవే మారవచ్చు.

నగరంలో ఈ అంకెలను పైకి నెడుతున్న ఆలోచన ఒకటి ఉంది. హాలులో ఒక్కో భోజనానికి ఇంత ఖర్చవుతుంది, కనుక కనీసం ఆ ‘ప్లేటు ఖర్చు’ అయినా కవరులో ఉండాలన్నది ఆ లెక్క. ఇది సరికాదు. వలీమా వరుడు పెట్టే ఆతిథ్యం. దాని ఖర్చును అతిథి భరించాలంటే అది దావతుగా ఉండదు, భోజనశాల అవుతుంది. ఖరీదైన హాలు ఎంచుకున్నది ఆతిథేయుడు. దాని ధరను బట్టి అతిథి శక్తి పెరగదు. సంపన్నులను పిలిచి పేదలను వదిలిపెట్టే వలీమా భోజనాన్ని మహాప్రవక్త (స) అత్యంత చెడ్డ భోజనంగా పేర్కొన్నారు. కవరు బరువును బట్టి అతిథులను లెక్కించే విందు ఆ హెచ్చరికకు ఎంత దూరంలో ఉందో ఆలోచించుకోవాలి.

అంకె చివర ఒక రూపాయి కలిపి 501, 1001 చేయడం మరొక అలవాటు. అందుకే ఒక రూపాయి నాణెం అతికించిన కవర్లు అమ్ముతారు. తెలుగువారిలో 116, 516, 1116 వాడుక. నూట పదహారుకు నిజాం కాలపు నాణేల మారకంతో ముడిపెట్టి చెబుతుంటారు. అప్పట్లో ఏడు హాలీ సిక్కా రూపాయలు ఆరు బ్రిటిష్ రూపాయలకు సమానం, అంటే నూరు బ్రిటిష్ రూపాయలకు నూట పదహారు హాలీ రూపాయలు, పైన కొన్ని అణాలు వచ్చేవి. ఆ కథ ఎలా ఉన్నా, ఏ అంకెలోనూ స్వయంగా శుభం లేదు. వాడుకగా 501 ఇస్తే తప్పు లేదు. 500 ఇస్తే కీడు జరుగుతుందని నమ్మడం మాత్రం విశ్వాసానికి తగదు.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుని లెక్క చూద్దాం. కొండాపూర్‌లో ఉంటున్న ఒక యువకునికి అద్దె, భోజనం, ఇంటికి పంపేది, పొదుపు పోగా ఈ నెల చేతిలో 10,000 మిగులుతాయనుకోండి. ఒకే నెలలో నాలుగు ఆహ్వానాలు వచ్చాయి. కర్నూలు జిల్లాలో మేనమామ కూతురి నికాహ్. టోలీచౌకీలో ఐదేళ్ళు ఒకే గదిలో ఉన్న మిత్రుని వలీమా. ఆఫీసులో ఒక సహోద్యోగి పెళ్ళి. తానుండే భవనపు వాచ్‌మన్ కూతురి పెళ్ళి, మహబూబ్‌నగర్ దగ్గరి ఊరిలో. ప్రయాణాలకు 2000 తీసివేస్తే కానుకలకు 8000 ఉంటాయి.

మొదట బాకీ చూడాలి. పన్నెండేళ్ళ క్రితం అక్క పెళ్ళిలో మేనమామ 2000 చదివించినట్లు నాన్నగారి పుస్తకంలో ఉంది. ఆ ఊరి ఆచారం బదులు ఇచ్చేదే కనుక ఇది అప్పు. తీసుకున్నది నాన్నగారు, కనుక బాధ్యత ఆయనది. కుమారుడు ఆయన తరఫున చెల్లిస్తే తీరిపోతుంది. ధరలు పెరిగాయి కదా, 2000కు 4000 ఇవ్వాలా? అవసరం లేదు. డబ్బు అప్పు తీసుకున్నంతే తీరుతుంది. ఎక్కువ ఇవ్వాలని ముందే షరతుగానో, తప్పనిసరి ఆచారంగానో ఉంటే అది వడ్డీకి దారి. తన ప్రేమతో అదనంగా ఇవ్వాలనుకుంటే ఆ 1500 వేరే కవరులో పెట్టి పెళ్ళికూతురి పేరు వ్రాయాలి. అప్పుడు ఏది బాకీ, ఏది కానుక అన్నది రెండిళ్ళకూ స్పష్టమవుతుంది. దీనితో 3500 అయింది.

తరువాత సాన్నిహిత్యం. గదిమిత్రునికి 2500. సహోద్యోగికి అందరితో కలిసి 500. మిగిలిన 1500 వాచ్‌మన్ కూతురికి. వాడుక ప్రకారం అక్కడ 200 చాలునంటారు. కానీ సాన్నిహిత్యం ఒక్కటే కొలమానం కాదు, అవసరమూ కొలమానమే. ఆ ఇంట 1500 రూపాయలు వంట సరుకులకు అక్కరకు వస్తాయి. హాలులో అదే మొత్తం కవర్ల సంచిలో కలిసిపోతుంది. అలాంటి చోట కానుకను పెళ్ళినాడు నలుగురిలో కాకుండా, నాలుగు రోజుల ముందే ఇంటికి వెళ్ళి చేతికి ఇవ్వడం మేలు. హజ్రత్ జైనబ్ (రజి)తో మహాప్రవక్త (స) వివాహం జరిగినప్పుడు హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) ఖర్జూరం, నెయ్యి, జున్ను కలిపిన వంటకం చేసి తమ కుమారుడు అనస్ (రజి) ద్వారా పంపారు. ఆ పూట పనికి వచ్చే కానుక అది.

కవరు విషయంలో జరిగే పొరపాట్లు కూడా కొన్ని ఉన్నాయి. పేరు వ్రాయని కవరు ఎవరిదో తెలియక, పుస్తకమున్న ఊరిలో బాకీ తీరినా తీరనట్లే మిగులుతుంది. పేరు నోటుపై కాదు, కవరుపై వ్రాయాలి. ఎవరికి ఇస్తున్నామో కూడా వ్రాయడం అవసరం. వేదికపై వరుని తండ్రి చేతికి ఇచ్చిన కవరు వధూవరులదా, తండ్రిదా అని తరువాత వివాదాలు వస్తుంటాయి. పేరు ఉంటే అది వారి సొత్తు. లేకుంటే ఎవరి బంధువు, ఎవరి స్నేహితుడు ఇచ్చాడన్న ఆచారాన్ని బట్టి తేల్చవలసి వస్తుంది. ఆఫీసులో చందా పోగుచేసేవారు పేర్లు, మొత్తాల జాబితా అందరికీ పంపకూడదు. మూసిన కవరును బల్లలమీదుగా తిప్పితే ఎవరి శక్తి వారికే తెలుస్తుంది.

ఎక్కువ తిరిగి వస్తుందన్న ఆశతో ఇచ్చే కానుక గురించి దివ్యఖుర్ఆన్ రూమ్ సూరా 39వ వాక్యంలో ప్రస్తావన ఉందని పలువురు వ్యాఖ్యాతలు వివరించారు. ప్రజల సొమ్ములో చేరి పెరగాలని ఇచ్చినది అల్లాహ్ వద్ద పెరగదు. దానికి పాపం లేకపోయినా పుణ్యమూ లేదని వారి మాట. పుస్తకం ఉన్న కుటుంబాలు ఈ చిక్కు నుంచి బయటపడాలంటే మార్గం ఉంది. ముందు పుస్తకంలో ఉన్న పాత బాకీలను లెక్క ప్రకారం తీర్చాలి. తరువాత మన ఇంటి పెళ్ళిలో పుస్తకం తెరవకుండా, ఇచ్చేవారు కానుకగా మాత్రమే ఇవ్వాలని ముందే చెప్పాలి. ఇతరుల ఇంటికి వెళ్ళినప్పుడు మనం కూడా ‘ఇది బదులు అక్కరలేని కానుక’ అని ఒక్క మాట అనాలి. లిఫాఫా పెట్టలేని నెలలో దావతుకు వెళ్ళి, దుఆ చేసి, భోజనం చేసి రావడానికి ఎవరూ సంకోచించనవసరం లేదు.