మధ్యలో చేరినవారి బోనస్ లెక్క వివరం కోరుతూ వినతిపత్రం

పటాన్‌చెరు,
11-11-2024.

గౌరవనీయులైన జనరల్ మేనేజర్ గారికి,

విషయం: 2023-24 సంవత్సరపు బోనస్‌లో జరిగిన కోత గురించి.

అయ్యా,

నేను 2023 సెప్టెంబరు 1న మన ఫ్యాక్టరీ ప్యాకింగ్ విభాగంలో చేరాను. బేసిక్, డీఏ కలిపి నా జీతం నెలకు రూ.12,000. ఈసారి ఆ మొత్తం మీదే 8.33 శాతం బోనస్ ఇస్తున్నామని నోటీసు బోర్డులో పెట్టారు. ఏడాదంతా పనిచేసిన మా లైను వాళ్లకు దీపావళి ముందు రూ.11,995 చొప్పున అందింది. నాకు రూ.4,082 వచ్చింది. ఎలా వచ్చిందని ఆఫీసులో అడిగితే "ప్రో-రేటా" అన్నారు తప్ప లెక్క చూపలేదు.

వాళ్లతో సమానంగా ఇమ్మని నేను అడగడం లేదు. మార్చి నెలాఖరుకు నేను పనిచేసింది 7 నెలలు, అందుకున్న జీతం రూ.84,000. అందులో 8.33 శాతం అంటే రూ.6,997. ప్రొబేషన్ మూడు నెలలు తీసేసి ఉంటారని తోటివాళ్లు అన్నారు. బోనస్ చట్టం అప్రెంటిస్‌లను మినహాయించిందే గాని ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లను కాదు. పైగా మిగిలిన 4 నెలలకు లెక్క కట్టినా రూ.3,998 అవుతుంది, నాకు వచ్చిన అంకెతో కలవదు. రూ.6,997ను మళ్లీ 12తో భాగించి 7తో హెచ్చిస్తే మాత్రం సరిగ్గా రూ.4,082 వస్తోంది. అంటే ఒకే కారణానికి రెండుసార్లు కోసినట్టు కనిపిస్తోంది.

చట్టం 10వ సెక్షన్ ప్రకారం కనీస బోనస్ ఆ సంవత్సరంలో సంపాదించిన జీతంలో 8.33 శాతం. మధ్యలో చేరినందువల్ల తగ్గాల్సింది ఆ జీతంలోనే తగ్గిపోయింది. 13వ సెక్షన్‌లో దామాషా తగ్గింపు మాట ఉంది, నిజమే. కానీ అది రూ.100 కనీస బోనస్‌కు సంబంధించినది. పనిచేసిన రోజుల జీతంలో 8.33 శాతం కంటే ఆ వంద ఎక్కువైనప్పుడే వర్తిస్తుంది. నా విషయంలో ఆ పరిస్థితి లేదు.

జనవరిలో జీతంతో తీసుకున్న సెలవులను కూడా 14వ సెక్షన్ ప్రకారం పనిదినాలుగానే చూడాలి. వాటిని ఎలా లెక్కించారో కూడా తెలియజేయగలరు.

తేడా రూ.2,915. నాకది చిన్న మొత్తం కాదు. నాలాగే ఏడాది మధ్యలో చేరిన మరికొందరికీ ఇలాగే తగ్గించారు.

కాబట్టి ఫారం-సి బోనస్ రిజిస్టరులో నా పేరుకు ఎదురుగా రాసిన పనిదినాలు, జీతం, బోనస్ మొత్తాల నకలు ఇప్పించి, కోతకు ఆధారమేమిటో రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. లెక్కలో పొరపాటు తేలితే, చట్టం పెట్టిన ఎనిమిది నెలల గడువు నవంబరు 30తో ముగుస్తుంది గనుక, ఆలోగా మిగతా సొమ్ము మా అందరికీ చెల్లించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
తమ విధేయురాలు,
ప్యాకింగ్ విభాగం కార్మికురాలు.