ఆఖరి మెట్రో పోయిందా? ఇంటికి కాదు.. ముందు పెద్ద స్టేషన్‌కి చేరండి!

మొన్నామధ్య ఒక శనివారం రాత్రి 11 గంటలకు ఫోన్ మోగింది. మా వాల్మీకిపురం తమ్ముడే. ఇంజినీరింగ్ అయిపోయి ఆరు నెలలైంది, ఇంటర్వ్యూల కోసం బెంగళూరు వెళ్లి విజయనగర్‌లో ఫ్రెండ్ రూమ్‌లో ఉంటున్నాడు.

‘అన్నా, కాడుగోడిలో ఉండా. మెట్రో గేట్ మూసేసినారు. ఆటో వాడు పదకొండు వందలు అడుగుతా ఉండాడు. నా దగ్గర నాలుగొందల పది ఉంది. ఏం చేసేది?’

వైట్‌ఫీల్డ్‌లో మధ్యాహ్నం రెండింటికి మొదలైన వాకిన్ డ్రైవ్. రాత పరీక్ష, గ్రూప్ డిస్కషన్, టెక్నికల్ రౌండ్ అయ్యేసరికి పది దాటింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు నుంచి ఉద్యోగాల వేటలో బెంగళూరు వెళ్లే మనవాళ్లలో చాలామందికి ఇలాంటి రాత్రి ఒకటి ఎదురవుతుంది. ఆ రాత్రి భయంలో తీసుకునే నిర్ణయానికి వారం తిండి ఖర్చు పోతుంది. ఒక్కోసారి డబ్బుకంటే పెద్దదే పోవచ్చు. అందుకే ఆ నిర్ణయం ఎలా తీసుకోవాలో ముందే తెలిసి ఉండాలి.

‘పదకొండున్నర’ దగ్గరే మోసపోతాం

మావాడు చేసిన మొదటి పొరపాటు చాలామంది చేసేదే. ‘మెట్రో పదకొండున్నర దాకా ఉంటుందన్నా’ అన్నాడు. అది నిజమే, కానీ ఆ పదకొండున్నర మెజెస్టిక్ లెక్క. నగరం మధ్యలో ఉన్న మెజెస్టిక్ నుంచి నాలుగు వైపులకూ చివరి రైళ్లు బయల్దేరే సమయం అది. మెజెస్టిక్ వైపు వచ్చే చివరి రైలు శివారు స్టేషన్లలో అంతకంటే చాలా ముందే వెళ్లిపోతుంది. పర్పుల్ లైన్‌లో తూర్పు కొస వైట్‌ఫీల్డ్ (కాడుగోడి). అక్కడి నుంచి చివరి రైలు 10:45 ప్రాంతంలోనే కదులుతుంది. మావాడు స్టేషన్ మెట్ల దగ్గరికి చేరింది 10:55కి.

కాబట్టి ‘చివరి మెట్రో ఎన్నింటికి?’ అని అడక్కండి. ‘నేను ఎక్కే స్టేషన్ నుంచి, నేను వెళ్లే వైపు చివరి రైలు ఎన్నింటికి?’ అని అడగండి. ఈ టైములు మారుతుంటాయి కాబట్టి పొద్దున స్టేషన్‌లో దిగగానే కౌంటర్‌లో అడిగి, ఫోన్‌లో దానికి అరగంట ముందుకి అలారం పెట్టుకోండి. లోపల టెక్నికల్ రౌండ్ నడుస్తున్నా సరే, అలారం మోగితే హెచ్‌ఆర్ వాళ్లతో ‘చివరి మెట్రో ఈ టైమ్‌కి సార్, నా రౌండ్ రేపు పెట్టగలరా?’ అని అడగడంలో తప్పులేదు.

ఆటో లెక్క మీకు తెలియాలి

బెంగళూరులో 2025 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చిన మీటర్ రేటు ప్రకారం మొదటి 2 కిలోమీటర్లకు 36 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 18. రాత్రి పది నుంచి పొద్దున ఐదు దాకా దీనికి ఒకటిన్నర రెట్లు. కాడుగోడి నుంచి విజయనగర్ సుమారు 28 కిలోమీటర్లు. అంటే మొదటి రెండుకు 36, మిగతా ఇరవై ఆరుకు 468, మొత్తం 504. రాత్రి రేటు కలిపితే 756.

ఈ లెక్కతో రెండు విషయాలు తేలతాయి. మొదటిది, అడిగిన పదకొండు వందలు న్యాయమైన ధర కాదు. రెండోది, న్యాయమైన ధర అయినా మావాడి జేబుకు అందదు. ‘పర్లేదు, దిగాక ఫ్రెండ్ దగ్గర తీసుకుని ఇస్తాను’ అని ఆటో ఎక్కడం చాలా ప్రమాదం. ఫ్రెండ్ నిద్రపోయి ఫోన్ ఎత్తకపోతే అర్ధరాత్రి ఒంటి గంటకు తెలియని సందులో డ్రైవర్‌తో గొడవ మొదలవుతుంది. చేతిలో పూర్తి డబ్బు లేకుండా దూరం ఆటో ఎక్కకండి.

ప్రశ్న మార్చుకోండి

ఆ రాత్రి నేను మావాడికి చెప్పింది ఒక్కటే: ‘ఇంటికి ఎలా పోవాలా అని ఆలోచించొద్దు రా. తెల్లారే దాకా ఎక్కడ ఉండాలో చూసుకో’. చివరి రైలు పోయాక మనకు కావాల్సింది లైట్లు, జనం, పోలీసులు, మంచినీళ్లు, మరుగుదొడ్డి ఉండి, మనల్ని వెళ్లిపొమ్మనని చోటు. పెద్ద రైల్వే స్టేషన్, పెద్ద బస్టాండ్ అలాంటివి. మూసేసిన మెట్రో మెట్లు, ఖాళీ బస్‌స్టాప్, టీ కొట్టు మూసిన టెక్ పార్క్ గేటు అలాంటివి కావు.

అదృష్టం కొద్దీ కాడుగోడి మెట్రో పక్కనే వైట్‌ఫీల్డ్ రైల్వే స్టేషన్ ఉంది. బెంగళూరు నుంచి కుప్పం మీదుగా జోలార్‌పేటకు వెళ్లే లైన్ ఇదే. మెట్రో పడుకున్నా ఈ లైన్ పడుకోదు. రైల్వే వారి NTES యాప్‌లో Live Station అనే చోట స్టేషన్ పేరు లేదా కోడ్ కొడితే రాబోయే కొన్ని గంటల్లో అక్కడికి వచ్చే రైళ్లన్నీ, ఆలస్యంతో సహా కనిపిస్తాయి. వైట్‌ఫీల్డ్ కోడ్ WFD, కృష్ణరాజపురం KJM, మెజెస్టిక్ ఎదురుగా ఉన్న కేఎస్ఆర్ బెంగళూరు SBC, మన కుప్పం KPN. ఈ నాలుగూ రాసిపెట్టుకోండి.

మావాడు చూస్తే అర్ధరాత్రి దాటాక సిటీ వైపు వెళ్లే రైలు ఒకటి కనిపించింది. కౌంటర్‌లో జనరల్ టికెట్ తీసుకున్నాడు. యాభై రూపాయల లోపే. ఒంటి గంట దాటాక కేఎస్ఆర్ బెంగళూరులో దిగాడు. అక్కడి నుంచి విజయనగర్ ఐదు కిలోమీటర్లే. మీటర్ లెక్క 90, రాత్రి రేటుతో 135. ఇప్పుడు అతని దగ్గరున్న డబ్బు సరిపోతుంది. ఇరవై ఎనిమిది కిలోమీటర్ల సమస్య ఐదు కిలోమీటర్లకు తగ్గింది.

కానీ ఫ్రెండ్ ఫోన్ ఎత్తలేదు. పీజీ, రూమ్‌ల గేట్లకు రాత్రి తాళం వేయడం అక్కడ మామూలే. తాళం వేసిన గేటు ముందు నిలబడటం కంటే స్టేషన్ నయం. అక్కడే ఆగమన్నాను.

ఆగడానికీ హక్కు కావాలి

రైల్వే స్టేషన్‌లో ఊరికే కూర్చుంటే ‘టికెట్ ఏదీ?’ అని అడుగుతారు. అడగడం వాళ్ల పని. ప్లాట్‌ఫామ్ టికెట్ రెండు గంటలకే చెల్లుతుంది. రాత్రంతా దానిమీద గడపలేరు. దీనికి ఒక రూల్ తెలిసి ఉంటే మంచిది. 199 కిలోమీటర్ల లోపు జనరల్ టికెట్ కొంటే మూడు గంటల్లోపు గానీ, మీరు వెళ్లే ఊరికి తర్వాత ఉన్న మొదటి రైలు కదిలే లోపు గానీ, ఏది ఆలస్యమైతే అప్పటిలోగా ప్రయాణం మొదలుపెట్టాలి. అంటే పొద్దున ఎలాగూ కుప్పం వెళ్లాల్సినవాళ్లు, ఆ రాత్రికి ఇక రైలు లేకపోతే, అప్పుడే టికెట్ కొని మొదటి రైలు దాకా ప్రయాణికుడిగానే ఆగొచ్చు. మధ్యలో రైలు ఉందంటే ఈ లెక్క కుదరదు. NTES చూసుకుని కొనండి.

ఊరికి వెళ్లని మావాడికి ఆ అవసరం రాలేదు. ఎదురుగా ఉన్న కెంపేగౌడ బస్టాండ్‌లోకి వెళ్లి, బస్సుల కోసం జనం కూర్చున్న చోట కూర్చున్నాడు. బస్టాండ్‌లో టికెట్ అడగరు. బ్యాగ్ ఒళ్లో, ఫోన్ లోపలి జేబులో.

అక్కడ ఇంకో తిరకాసు. మామూలు రోజుల్లో మెట్రో పొద్దున ఐదు గంటలకు మొదలవుతుంది. ఆదివారం ఏడుకు. శనివారం రాత్రి చిక్కుకున్నవాళ్లు రెండు గంటలు ఎక్కువ ఆగాలి. బీఎంటీసీ సిటీ బస్సులు అంతకు ముందే మొదలవుతాయి కాబట్టి మావాడు తెల్లారుజామున బస్సెక్కి ఆరు లోపే రూమ్ చేరాడు. ఆ రాత్రి ఖర్చు టీలతో కలిపి వంద రూపాయల చుట్టుపక్కలే.

ఊరికే వెళ్లిపోదామనుకుంటే

కొందరు ‘రూమ్ వద్దు, ఊరికే పోదాం’ అనుకుంటారు. మదనపల్లె బస్సులు హోస్కోట, చింతామణి మీదుగా వెళ్తాయి కాబట్టి కేఆర్ పురం దగ్గర కూడా దొరుకుతాయి. కానీ బస్సు ఎప్పుడు ఎక్కుతారో కాదు, ఎప్పుడు దిగుతారో చూడండి. అర్ధరాత్రి రెండింటికి మదనపల్లెలో దిగితే వాల్మీకిపురానికి మిగిలిన ఇరవై కిలోమీటర్లకు ఏమీ దొరకదు. తెల్లారుజామున చేరే బస్సు చూసుకుని, ఆ ఎదురుచూపేదో మెజెస్టిక్‌లోనే కానివ్వండి. రైలైతే మదనపల్లె రోడ్ స్టేషన్ ఊళ్లో లేదు, దూరంగా సీటీఎం దగ్గర ఉందని గుర్తుంచుకోండి.

అమ్మాయిలకు ఈ లెక్క వేరు

పైన చెప్పినట్టు అర్ధరాత్రి జనరల్ బోగీ ఎక్కమని మా చెల్లెలికైతే నేను చెప్పను. తనకైతే రాత్రి ఎనిమిదికే నిర్ణయం జరగాలి: బయటపడటమా, అక్కడే ఎవరైనా అమ్మాయి పీజీలో ఉండటమా. తప్పనిసరై చిక్కుకుంటే లైట్లున్న చోటే ఉండి 112కి ఫోన్ చేయండి. రైల్లోనో, స్టేషన్‌లోనో అయితే 139. యాప్ ఆటో అయితే నంబర్ ప్లేట్ సరిచూసి, లొకేషన్ ఇంట్లోవాళ్లకు పంపాకే ఎక్కండి. కర్ణాటక శక్తి పథకం ఉచిత బస్సు ఆ రాష్ట్ర నివాసితులకే. మన ఆధార్ చూపిస్తే టికెట్ కొట్టాల్సిందే. చిల్లర ఉంచుకోండి.

ఉద్యోగం వచ్చాక రాత్రి షిఫ్ట్ అయితే మహిళలకు రవాణా ఏర్పాటు చేయాల్సింది యాజమాన్యమే. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందే క్యాబ్ సంగతి మెయిల్‌లో అడగండి.

ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లకు ఆ రక్షణ లేదు. నా అభ్యంతరం అక్కడే. రాత్రి పది దాకా డ్రైవ్ నడిపే కంపెనీకి, బయట ఊరి నుంచి వచ్చిన పిల్లలు ఎలా వెళ్తారో ఆలోచించే బాధ్యత ఉంది. ముగిసే టైమ్ ముందే చెప్పాలి. ఆలస్యమైతే చివరి రౌండ్ మర్నాటికి పెట్టాలి, లేదంటే దగ్గరి పెద్ద స్టేషన్ దాకా బండి పెట్టాలి. కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్‌లు ఈ మాట గట్టిగా అడగాలి.

అప్పటిదాకా మీ జాగ్రత్త మీదే. పర్సులో కాకుండా వేరే జేబులో మూడు వందల నోట్లు ఉంచుకోండి. అర్ధరాత్రి యూపీఐ మొరాయించొచ్చు, ఫోన్ చచ్చిపోవచ్చు. ఇద్దరి నంబర్లు కాగితం మీద రాసుకోండి. వాళ్లలో ఒకరు ఆ రాత్రి ఫోన్ ఎత్తేవాళ్లై ఉండాలి.

మావాడికి ఆ ఉద్యోగం రాలేదు. వచ్చే వారం మళ్లీ వైట్‌ఫీల్డ్‌లోనే ఇంకో డ్రైవ్ ఉందట. ఈసారి అలారం పదింపావుకి పెట్టుకున్నాడు.