తిన్నంతకే వాటా

నలుగురు కలిసి హోటల్లో తిన్న మర్నాడు గ్రూపులో బిల్లు స్క్రీన్‌షాట్ పడుతుంది. దాని కింద ఒకటే ముక్క: "తలా 462 పంపండి." చేప ముట్టని శాకాహారీ, షుగరు ఉండి స్వీటు వద్దన్న మిత్రుడూ నోరు విప్పలేక అంతే పంపేస్తారు. అడిగితే పిసినారి అనుకుంటారేమోనని మొహమాటం. వాళ్లను ఆ ఇబ్బందిలోకి నెట్టకుండా లెక్క వేయాల్సింది బిల్లు పంపినవాళ్లే.

ఆ బిల్లే చూద్దాం. మటన్ బిర్యానీలు 900, ముగ్గురు తిన్నారు. అపోలో ఫిష్ 400, ఇద్దరిది. వెజ్ బిర్యానీ 320, ఒక్కరిది. ఖుబానీ కా మీఠా 300, షుగరున్న మిత్రుడు తప్ప ముగ్గురిది. నీళ్ల సీసాలు 80, అందరివీ. మొత్తం 2,000. అందులో 20 శాతం డిస్కౌంట్ పోతే 1,600. దానిపై పది శాతం సర్వీస్ ఛార్జీ 160, ఆ మొత్తంపై ఐదు శాతం జీఎస్టీ 88. కట్టింది 1,848.

చాలామంది ఇక్కడే తికమకపడతారు. వంటకాలను ఎవరివి వాళ్లకు రాసి, డిస్కౌంటూ పన్నూ మాత్రం తలా ఇంతని పంచేస్తారు. కానీ అవి మనుషుల లెక్కన రాలేదు, వంటకాల ధర మీద వచ్చాయి. వాటిని విడివిడిగా పంచే పనే లేదు. కట్టిన 1,848ని వంటకాల మొత్తం 2,000తో భాగిస్తే 0.924 వస్తుంది. ఎవరు తిన్న విలువను వాళ్లు దీనితో గుణిస్తే చాలు. శాకాహారి తిన్నది 440, వాటా 407. షుగరున్న మిత్రుడిది 520, వాటా 480. మటన్, చేప, స్వీటు అన్నీ తిన్న మనిషిది 620, వాటా 573. చేప వద్దన్న నాలుగో మనిషిది 420, వాటా 388. కూడితే సరిగ్గా 1,848.

ఈ ఒక్క అంకె అన్ని బిల్లులకూ చాలదు. డిస్కౌంట్ బిర్యానీకే ఇస్తే, ముందు బిర్యానీ ధరలోనే తీసేయాలి. ఆ లాభం తిన్నవాళ్లదే. మద్యం మీద జీఎస్టీ ఉండదు, వ్యాట్ ఉంటుంది కాబట్టి దాన్ని వేరుగా లెక్కించి తాగినవాళ్లకే రాయాలి. స్క్రీన్‌షాట్‌లో పై వరసలు తెగిపోతే తేడా ఇట్టే తెలుస్తుంది: వంటకాలు కూడితే బిల్లులోని మొత్తం రాదు.

ఇంకొక మాట. సర్వీస్ ఛార్జీని హోటళ్లు బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. పై బిల్లులో అది తీసేస్తే కట్టాల్సింది 1,680, శాకాహారి వాటా 370. కాబట్టి వాటాలు వేయడం తరువాత, ముందు కౌంటర్ దగ్గరే ఆ ఛార్జీ తీసేయమని అడగండి.